బ్యాట్నా అంటే ధర కాదు: బేరసారాల ప్రశ్నలో మార్కులు పోయే చోటు

ఎంబీఏ బేరసారాల పేపర్లలో బ్యాట్నాను ‘అమ్మకందారు ఒప్పుకునే కనీస ధర’ అని నిర్వచించే జవాబులు చాలానే కనిపిస్తాయి. 1981లో ‘గెటింగ్ టు యెస్’ రచయితలు ఫిషర్, యూరీ ఈ మాటను ప్రచారంలోకి తెచ్చినప్పుడు చెప్పింది వేరు. ఈ బేరం కుదరకపోతే మనం చేయగలిగిన పనుల్లో మేలైనదే బ్యాట్నా. అది ఒక పని, అంకె కాదు. ఆ పనికి విలువ కడితేనే కనీస ధర తేలుతుంది.

ఈ తేడా జవాబునే తారుమారు చేస్తుంది. ఇలాంటి ప్రశ్న ఒకటి వచ్చిందనుకుందాం. గుంటూరులో ఒక వ్యాపారి దగ్గర 100 క్వింటాళ్ల మిర్చి ఉంది. వేరే కొనుగోలుదారు కిలోకు 175 రూపాయలు ఇస్తానన్నాడు కానీ, డబ్బు 60 రోజుల తర్వాతే ఇస్తాడు, కిలోకు 5 రూపాయల లారీ కిరాయి వ్యాపారే పెట్టుకోవాలి. వ్యాపారి నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి నడుపుతున్నాడు. ఎదురుగా కూర్చున్న పచ్చళ్ల తయారీదారుకు అదే సరుకు మరోచోట 172 రూపాయలకు గుమ్మం దాకా వస్తుంది. ఇక్కడ కొంటే కిరాయి 4 రూపాయలు తనదే.

విద్యార్థి 175ను కనీస ధరగా, 168ను కొనేవాడి గరిష్ఠ ధరగా రాసి, బేరానికి చోటే లేదని తేల్చేస్తాడు. నిజానికి 175లో కిరాయి 5, రెండు నెలల వడ్డీ 7 తీసేస్తే ఈరోజు చేతికొచ్చే నగదు లెక్కన అమ్మకందారుకు 163 చాలు. 163కూ 168కీ మధ్య ఐదు రూపాయల చోటుంది.

ఆ ఐదింటి కోసం లాక్కోవడమే డిస్ట్రిబ్యూటివ్ బేరం. ఇద్దరూ నవ్వుతూ 165.50 దగ్గర సర్దుకుంటే దాన్ని ఇంటిగ్రేటివ్, అంటే పంచుకునే మొత్తాన్నే పెంచే బేరం, అని రాసేవారున్నారు. కాదు, మర్యాదగా పంచుకున్నా పంచుకున్నది ఆ ఐదే.

ఇంటిగ్రేటివ్ ఎక్కడ మొదలవుతుందో చెల్లింపు గడువును బల్ల మీదికి తెస్తే తెలుస్తుంది. పచ్చళ్ల తయారీదారుకు బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ నూటికి నెలకు రూపాయికే దొరుకుతోందనుకోండి. అతను అలవాటుగా 60 రోజుల అరువు అడిగితే రెండు నెలల వడ్డీ కలిసి అమ్మకందారు కనీస ధర 169.52కి చేరుతుంది, కొనేవాడి గరిష్ఠం 171.36 దగ్గరే ఆగుతుంది. మిగిలే చోటు రెండు రూపాయలైనా లేదు. నగదు ఇస్తే మళ్లీ ఐదు. అంటే కిలోకు మూడు రూపాయలకు పైగా, మొత్తం సరుకు మీద 31,000 రూపాయలకు పైగా, ఎవరి జేబూ కొట్టకుండానే పుట్టుకొచ్చింది. ఇద్దరి వడ్డీ భారాలు వేరు కావడమే దానికి కారణం. పెరిగిన మొత్తాన్ని మళ్లీ పంచుకోవాల్సిందే గనుక, రెండు రకాల బేరమూ ఒకే కూర్చోడంలో జరుగుతుంది.

ఇందులో తప్పంతా విద్యార్థులదే అనలేం. వడ్డీ సంగతీ గడువు సంగతీ ఏదీ చెప్పకుండా, రెండు ధరలు మాత్రమే ఇచ్చి ‘ఇంటిగ్రేటివ్ పరిష్కారం సూచించండి’ అని అడిగే ప్రశ్నకు ‘మధ్యలో సర్దుకోవాలి’ అనే జవాబు తప్ప ఇంకేం వస్తుంది?