షార్ప్ రేషియో తక్కువున్న బంగారాన్ని కలిపితే పోర్ట్‌ఫోలియో చెడిపోతుందా?

ఇలాంటి సలహా ఒకటి వినిపిస్తుంటుంది: "ఈక్విటీ ఫండ్‌కీ బంగారానికీ షార్ప్ రేషియో, అంటే రిస్కుకి తగ్గ రాబడి ఎంతో, చూడండి, ఏది ఎక్కువుంటే డబ్బంతా దాంట్లోనే పెట్టండి. తక్కువదాన్ని కలిపితే సగటు పడిపోతుంది. రిస్కు లేని వడ్డీ రేటుని రెండింట్లోంచీ ఒకేలా తీసేస్తాం కాబట్టి దాంతో వాటాలు మారవు. భయమున్నవాళ్ళు బంగారం పాలు పెంచుకుంటే చాలు."

సగటు లెక్క చెల్లేది రాబడికి మాత్రమే. రిస్కుకి చెల్లదు, అసలు తిరకాసంతా అక్కడే ఉంది. లెక్క కోసం ఇలా అనుకుందాం: ఈక్విటీ నుంచి ఏడాదికి 12 శాతం ఆశిస్తున్నాం, దాని స్టాండర్డ్ డీవియేషన్, అంటే ఒడిదుడుకుల కొలత, 20. రిస్కంటే ఇక్కడ ఇదే. బంగారానికి 8, 15. ప్రభుత్వం జారీచేసే, రిస్కు లేని 91 రోజుల ట్రెజరీ బిల్లు మీద 6 శాతం. ఈక్విటీకీ బంగారానికీ మధ్య కోరిలేషన్ సున్నా, అంటే ఒకదాని కదలికకీ రెండోదాని కదలికకీ పొంతన లేదు. బిల్లు రాబడి తీసేస్తే ఈక్విటీకి 6, బంగారానికి 2 మిగులుతాయి, వాటిని స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగిస్తే షార్ప్ రేషియోలు 0.30, 0.13. ఇప్పుడు సగం సగం పెట్టి చూడండి. మిగులు రాబడి సగటున 4 అవుతుంది, సరే. రిస్కు కూడా సగటైతే 17.5 రావాలి, కానీ ఒకటి పడ్డప్పుడల్లా రెండోది పడదు కాబట్టి వచ్చేది 12.5 మాత్రమే. నాలుగుని దానితో భాగిస్తే 0.32. తక్కువదాన్ని సగానికి సగం కలిపినా రేషియో పెరిగింది!

రేషియోని గరిష్ఠం చేసే వాటాలు, అంటే టాంజెన్సీ పోర్ట్‌ఫోలియో వాటాలు, ఇలా వస్తాయి (e మిగులు రాబడి, s స్టాండర్డ్ డీవియేషన్, r కోరిలేషన్, 1 ఈక్విటీ, 2 బంగారం):

```
a = e1*s2^2 - e2*s1*s2*r
b = e2*s1^2 - e1*s1*s2*r
w1 = a/(a+b)    w2 = b/(a+b)
```

మన అంకెలు వేస్తే a 1350, b 800. ఈక్విటీ 63 శాతం, బంగారం 37 శాతం, రేషియో 0.328.

డబ్బంతా ఒకదాంట్లోనే పెట్టమన్న మాట నిజమయ్యే సందర్భం ఒకటుంది, అది కూడా చెప్పాలి. కోరిలేషన్ ఎక్కువైతే b తగ్గుతూ పోతుంది. చిన్న రేషియోని పెద్దదానితో భాగిస్తే వచ్చే అంకె, ఇక్కడ 0.44, దాటిందంటే బంగారం వాటా మైనస్‌లోకి పోతుంది, అప్పుడు షార్ట్ చేయలేనివాళ్ళకి, అంటే చేతిలో లేనిదాన్ని అరువు తెచ్చి అమ్మలేనివాళ్ళకి, మొత్తం ఈక్విటీలో ఉండటమే సరైంది. కాబట్టి రెండు రేషియోలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలదు, కోరిలేషన్ తెలియకుండా ఏమీ తేల్చలేం.

వడ్డీ రేటు సంగతి. రెండింట్లోంచీ ఒకే అంకె తీసేస్తున్నామన్నది నిజమే, కానీ రేటు 7 అయితే, 12లోంచి 7 తీస్తే 5 మిగులుతుంది, 8లోంచి తీస్తే 1. నిష్పత్తి 6కి 2 నుంచి 5కి 1 అయిపోయింది, బంగారం వాటా 37 నుంచి 26 శాతానికి దిగింది. రేటు 4 అయితే అదే వాటా 47కి ఎక్కుతుంది. ఇంత కదిలేదాన్ని "మారవు" అని ఎలా అంటారు?

భయమున్నవాళ్ళకిచ్చిన సలహాయే వాళ్ళకి ఎక్కువ నష్టం చేసేది. ఈ రెండింటితో రిస్కుని వీలైనంత తగ్గిస్తే ఈక్విటీ 36, బంగారం 64 దగ్గర ఆగుతుంది: రిస్కు 12, రాబడి 9.44. అదే 63-37 మిశ్రమాన్ని కదపకుండా డబ్బులో 87 శాతం అందులో, మిగతా 13 శాతం ట్రెజరీ బిల్లుల్లో పెడితే రిస్కు అదే 12, రాబడి మాత్రం 9.94. ఆర్థికవేత్త జేమ్స్ టోబిన్ 1958లోనే చూపించింది ఇదే: భయం ఎంతున్నా రిస్కున్న వాటి మిశ్రమం ఒకటే, మారాల్సింది బిల్లుల పాలు. పైగా ఇప్పుడు ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్‌లో మామూలు మనుషులు కూడా ఈ బిల్లులు కొనుక్కోవచ్చు. అటువైపు, అంటే 63-37 కంటే ఎక్కువ రిస్కు కావాలనుకునేవాళ్ళకి మాత్రం చిక్కుంది, ఎందుకంటే ఎవరూ మనకి 6 శాతానికి అప్పివ్వరు, వాళ్ళు ఈక్విటీ పాలు పెంచుకోవడంలో తప్పులేదు.

అలాగని 63, 37 అంకెల్ని పట్టుకుని కూర్చోవద్దు. బంగారం మీద ఆశించే రాబడిని 8 బదులు 9 అనుకుంటే చాలు, దాని వాటా 47 శాతానికి పోతుంది. ఆ ఒక్క శాతం తేడాని పాత డేటా తేల్చిపెట్టలేదు: 20 శాతం ఒడిదుడుకులున్నదానికి 20 ఏళ్ళ డేటా తీసుకున్నా సగటులో స్టాండర్డ్ ఎర్రర్, అంటే అంచనా అటూఇటూ అయ్యే మేర, దాదాపు 4.5 శాతం ఉంటుంది. అయితే రేషియో గరిష్ఠమయ్యే శిఖరం దగ్గర వంపు చాలా చదునుగా ఉంటుంది. సగం సగం పెట్టినవాళ్ళకి 0.32 వచ్చింది, సరిగ్గా గురిచూసి పెట్టినవాళ్ళకి 0.328, మొత్తం ఈక్విటీలో పోసినవాళ్ళకి 0.30.