ఐఎస్ఈ ఉన్నంత మాత్రాన సోడియం తప్పు రాదనుకుంటే ఎలా?

"సూడోహైపోనట్రీమియా పాత ఫ్లేమ్ ఫోటోమీటర్ కాలం నాటి గొడవ, ఇప్పుడు అందరి దగ్గరా ఐఎస్ఈ ఉంది కాబట్టి రాదు. క్యూసీ పాసైతే ఆటో అనలైజర్ నెంబరే కరెక్ట్, ఏబీజీ మెషీన్‌ది ఉత్త అంచనా. మరీ అనుమానంగా ఉంటే సీరం డైల్యూట్ చేసి మళ్లీ పెట్టండి." (తిరుపతి, చిత్తూరు ల్యాబ్ టెక్నీషియన్ల గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్)

సూడోహైపోనట్రీమియా అంటే రక్తంలో సోడియం మామూలుగానే ఉన్నా మెషీన్ తక్కువ చూపించడం. మెసేజ్‌లో మొదటి మాట దగ్గరే అసలు పొరపాటు ఉంది. ఐఎస్ఈ అనే ఎలక్ట్రోడ్ ఒకటే అయినా దాని దగ్గరికి శాంపిల్ వెళ్లే దారులు రెండు. ఏబీజీ మెషీన్‌లో రక్తం ఏమీ కలపకుండా నేరుగా ఎలక్ట్రోడ్‌ను తాకుతుంది, అది డైరెక్ట్. పెద్ద ఆటో అనలైజర్ మాత్రం సీరంని కొలిచి తీసుకుని, సుమారు 20 నుంచి 30 రెట్లు డైల్యూయెంట్ కలిపి, అప్పుడు చదువుతుంది, అది ఇన్‌డైరెక్ట్. ఫ్లేమ్ ఫోటోమీటర్‌లో కూడా ఇలాగే డైల్యూట్ చేసేవాళ్లం, అందుకే ఆ పాత తప్పు ఇందులోకీ వచ్చింది.

మజ్జిగలో ఉప్పు కలిపి, పైన నూనె పోసి బాగా గిలక్కొట్టారనుకోండి. ఉప్పంతా మజ్జిగ నీళ్లలోనే ఉంటుంది, నూనెలోకి పోదు. అలాగే నాలుక మీద వేసుకుంటే ఉప్పదనం మారదు, ఎందుకంటే నాలుకకు తెలిసేది నీళ్లలోని ఉప్పే. కానీ ఒక గరిటె తీసి బిందెడు నీళ్లలో కలిపి లెక్క కడితే ఉప్పు తక్కువని తేలుతుంది, గరిటెలో కొంత చోటు నూనె తినేసింది కదా. సీరంలో మామూలుగా 93 శాతం నీళ్లు, మిగతాది ప్రోటీన్లూ కొవ్వులూ. ఇన్‌డైరెక్ట్ మెషీన్ ప్రతి శాంపిల్‌లోనూ ఆ 93 ఉందనే నమ్మకంతో లెక్క వేస్తుంది.

మేము చూసిన ఒక కేసు చెప్తాను. పలమనేరు వైపు నుంచి కడుపునొప్పితో వచ్చిన మనిషి, ప్యాంక్రియాటైటిస్, సీరం పాలలా తెల్లగా ఉంది, ట్రైగ్లిజరైడ్లు 6000 దాటాయి. ఆటో అనలైజర్‌లో సోడియం 130. అది చూసి అంతకుముందు చూపించుకున్న చోట ఫ్లూయిడ్స్ తగ్గించేశారు! ప్యాంక్రియాటైటిస్‌లో ఫ్లూయిడ్స్ ఎంత అవసరమో తెలిసినవాళ్లకి అది ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. అదే రక్తం ఏబీజీలో పెడితే 139. అంత కొవ్వుంటే సీరంలో నీళ్లు సుమారు 87 శాతానికి పడిపోతాయి, 139ని 87తో గుణించి 93తో భాగించండి, సరిగ్గా 130 వస్తుంది. రెండు మెషీన్లూ బాగానే ఉన్నాయి.

ఇంకా అనుమానమా? ఆస్మోలాలిటీ కొలవండి. అతని గ్లూకోజ్ 108, యూరియా నైట్రోజన్ 14. సోడియం 130తో లెక్కిస్తే 271 రావాలి, ఆస్మోమీటర్‌లో 289 వచ్చింది. 139తో లెక్కిస్తే కూడా 289. షుగర్ బాగా ఎక్కువున్నవాళ్లలో సోడియం తగ్గడం వేరే సంగతి, అక్కడ సోడియం నిజంగానే తక్కువ, ఆస్మోలాలిటీ ఎక్కువ.

క్యూసీ మాటకొస్తే, కంట్రోల్ సీరంలో ప్రోటీన్, కొవ్వు మామూలుగానే ఉంటాయి కాబట్టి అది పాసవుతుంది, పాలలాంటి సీరం గురించి అది ఏమీ చెప్పదు. ఇక సీరం డైల్యూట్ చేసి మళ్లీ పెట్టమనడం అన్నిటికన్నా చెడ్డ సలహా, తప్పు పుట్టిందే డైల్యూషన్‌లో. మళ్లీ కొలిచి తీసే ఆ సీరంలోనూ కొవ్వు అంతే ఉంటుంది, గుణించాక అదే 130 తిరిగొస్తుంది.

సీరం తెల్లగా ఉంటే కంటికి కనపడుతుంది, సరే. మైలోమాలో ప్రోటీన్ 12కి పోయినప్పుడు సీరం చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, కానీ సోడియం 140 ఉన్నా 134, 135 చూపిస్తుంది. దీనికి తలకిందులు ఐసీయూలో జరుగుతుంది, అది నాకు ఇంకా టెన్షన్. ప్రోటీన్ 4కి పడిపోయిన పేషెంట్‌లో సీరంలో నీళ్లు ఎక్కువ, అందుకే నిజంగా 132 ఉన్న సోడియం ఇన్‌డైరెక్ట్‌లో 135 అని నార్మల్‌గా వచ్చేస్తుంది, ఎవరూ పట్టించుకోరు.

పొటాషియంలో కూడా ఇదే శాతం తేడా ఉంటుంది, కాకపోతే 4.0 కాస్తా 3.7 అవుతుంది, అంతే. అక్కడ ఏబీజీని గుడ్డిగా నమ్మకండి, హోల్ బ్లడ్‌లో హీమోలిసిస్ అయినా రంగు కనపడదు, పొటాషియం ఊరికే పెరిగి కనిపిస్తుంది. సిరంజిలో ద్రవ హెపారిన్ ఎక్కువ మిగిలినా రక్తం పలచబడి నెంబర్లు మారతాయి.

కాబట్టి సోడియం తక్కువ వచ్చి సీరం తెల్లగా ఉన్నా, టోటల్ ప్రోటీన్ అటూ ఇటూ ఉన్నా, డైరెక్ట్‌లో ఒకసారి చూసి, ఏ పద్ధతో రిపోర్ట్‌లోనే రాయండి. ఒకే పేషెంట్‌ని రోజూ చూసేటప్పుడు పొద్దున ఒక మెషీన్, సాయంత్రం ఇంకో మెషీన్ పెట్టి సోడియం పెరిగింది, తగ్గింది అనకండి.