ఒక్క మాటతో ప్రతి రూపాయికీ ఎఫ్‌డీ వడ్డీ వస్తుందా?

"మీ సేవింగ్స్ ఖాతాలోని డబ్బుకు బ్యాంకు ఇచ్చేది రెండున్నర శాతమే. బ్యాంకుకు వెళ్లి 'ఆటో స్వీప్ పెట్టండి' అని ఒక్క మాట చెప్పండి. ఆ రోజు నుంచి ఖాతాలోని ప్రతి రూపాయికీ ఎఫ్‌డీ వడ్డీ వస్తుంది. ఎప్పుడు తీసుకున్నా పైసా నష్టం లేదు. సేవింగ్స్ వడ్డీయే కాబట్టి పదివేల దాకా పన్ను కూడా లేదు. ఈ రహస్యాన్ని బ్యాంకులు చెప్పవు. అందరికీ పంపండి."

ఈ సందేశం మా బంధువుల గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది. ఏలూరులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడికి చీటీ డబ్బు 3 లక్షలు చేతికొచ్చిన వారమే ఇది అతనికి చేరింది. "అన్నయ్యా, ఇది నిజమైతే ఇన్నాళ్లూ నష్టపోయినట్టే కదా?" అని ఫోను చేశాడు. అతనికి చెప్పిన లెక్కనే ఇక్కడ రాస్తున్నాను. స్వీప్ సదుపాయం మంచిదే, నేనూ వాడుతున్నాను. అందుకే దాని గురించి సగం నిజం తిరుగుతుంటే ఊరుకోలేకపోతున్నాను.

మొదటి వాక్యంతో నాకు పేచీ లేదు. 2025 జూన్ నుంచి స్టేట్ బ్యాంకు సేవింగ్స్ ఖాతాలకు ఇస్తున్నది 2.5 శాతమే. చిక్కంతా "ప్రతి రూపాయి" అన్న దగ్గర మొదలవుతుంది.

స్వీప్‌కు ఒక గీత ఉంటుంది. ఆ గీత దాకా ఉన్న డబ్బు సేవింగ్స్‌లోనే, సేవింగ్స్ వడ్డీకే ఉంటుంది. పైన మిగిలినదే డిపాజిట్‌గా మారుతుంది. గీత ఎక్కడుంటుందన్నది బ్యాంకును బట్టి, ఖాతా రకాన్ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల మనమే పెంచుకోవచ్చు. ఇక్కడ 50,000 అనుకుందాం. పైన మిగిలిందంతా కూడా వెళ్లిపోదు. స్టేట్ బ్యాంకు సేవింగ్స్ ప్లస్ ఖాతాలో ఒక డిపాజిట్ ఏర్పడాలంటే కనీసం 10,000 ఉండాలి, ఆపైన వెయ్యి చొప్పున కలుస్తుంది. కాబట్టి ఖాతాలో 58,000 ఉన్న మనిషికి స్వీప్ పెట్టినా ఒక్క రూపాయి కూడా కదలదు. గీత పైనున్న 8,000 ఆ కనీస మొత్తానికి చాలదు. పైగా కొన్ని బ్యాంకుల్లో ఈ బదిలీ రోజూ జరగదు, నియమిత రోజుల్లోనే జరుగుతుంది. అందరికీ పంపమన్న ఈ సందేశం అందుకునేవారిలో ఎంతోమంది ఖాతాలు ఎప్పుడూ ఆ గీత దాటవు. వారికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

మా తమ్ముడి ఖాతాలో చీటీ డబ్బుతో కలిపి 3,50,000 ఉంది. గీత పైనున్న 3 లక్షలు డిపాజిట్‌గా మారాయనుకుందాం. లెక్క తేలికగా ఉండటానికి ఒక నమూనా పట్టిక తీసుకుంటున్నాను: ఏడాది డిపాజిట్‌కు 6.25 శాతం, 46 రోజుల నుంచి 179 రోజుల దాకా 5 శాతం, 45 రోజుల లోపు 3 శాతం, గడువుకు ముందే తీస్తే అర శాతం కోత. మీ బ్యాంకు అంకెలు వేరుగా ఉండవచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

ఆ 3 లక్షలూ ఏడాది పాటు కదలకుండా ఉంటే, చక్రవడ్డీని పక్కన పెట్టినా 18,750 వస్తుంది. సేవింగ్స్‌లోనే వదిలేస్తే వచ్చేది 7,500. తేడా 11,250 రూపాయలు. సందేశం రాసినవారి మనసులో ఉన్నది ఈ చిత్రమే. ఇది నిజమే, కానీ డబ్బు ఏడాదంతా కదలకుండా ఉంటేనే.

ఇక మధ్యలో డబ్బు తీస్తే ఏమవుతుందో చూద్దాం. సందేశంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఆ "పైసా నష్టం లేదు" అన్నదే.

వందో రోజున మా తమ్ముడు కూతురి కాలేజీ ఫీజుకు 90,000 కట్టాడనుకోండి. సేవింగ్స్‌లోని 50,000 ముందు పోతుంది. తగ్గిన 40,000 కోసం బ్యాంకు డిపాజిట్‌లో ఆ మేరకే విరగ్గొట్టి తెస్తుంది. మిగిలిన 2,60,000 తన 6.25 శాతంతో, తన పాత తేదీతో అలాగే నడుస్తుంది. మామూలు ఎఫ్‌డీని మొత్తంగా రద్దు చేసుకోవడానికీ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే. స్వీప్‌లో నాకు బాగా నచ్చే గుణం కూడా ఇదే.

అయితే విరిగిన 40,000కు 6.25 శాతం రాదు. అది బ్యాంకులో ఉన్నది వంద రోజులే. కాబట్టి వంద రోజుల డిపాజిట్‌కు ఉన్న రేటు, అంటే 5 శాతం తీసుకుని, అందులో అర శాతం కోసి, 4.5 శాతం చొప్పున ఇస్తారు. అది 493 రూపాయలు. పట్టిక మీది రేటు నమ్ముకుంటే 685 రావాలి. సేవింగ్స్‌లోనే ఉంటే 274 వచ్చేది. సేవింగ్స్ కన్నా లాభమే, చెప్పినంత మాత్రం కాదు.

రోజులు తగ్గేకొద్దీ ఆ లాభమూ కరిగిపోతుంది. నమూనా పట్టికలో 45 రోజుల లోపు విరిగిన డబ్బుకు మూడు శాతంలో అర శాతం పోగా రెండున్నర మిగులుతుంది. అది సరిగ్గా సేవింగ్స్ వడ్డీయే. ఏడు రోజులు నిండకముందే విరిగితే అసలు వడ్డీయే లేదు, ఎందుకంటే మన దేశంలో టర్మ్ డిపాజిట్ కనీస గడువే ఏడు రోజులు. సేవింగ్స్‌లో అయితే 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వ మీద వడ్డీ లెక్కకడుతున్నారు కాబట్టి ఆ అయిదారు రోజులకూ ఎంతో కొంత వచ్చేది. చిన్న వ్యాపారం చేసే మనిషి ఖాతాలో 2 లక్షలు పడి, స్వీప్ అయి, అయిదో రోజున సరుకు తెచ్చినవారికి 1,80,000 వెళ్లిందనుకోండి. 50,000 సేవింగ్స్ నుంచి, 1,30,000 డిపాజిట్ నుంచి వస్తాయి. ఆ 1,30,000కు వడ్డీ సున్నా. సేవింగ్స్‌లోనే ఉంటే 44 రూపాయలు వచ్చేవి. పోయింది చిన్న మొత్తమే, కానీ లాభం కోసం పెట్టుకున్న ఏర్పాటు ప్రతి నెలా నష్టం చూపిస్తుంది.

దీనికన్నా పెద్ద దెబ్బ తగిలే చోటు ఇంకొకటి ఉంది. ఖాతా కింద నాలుగైదు డిపాజిట్లు పోగైనప్పుడు ముందు ఏది విరుగుతుంది? చివర ఏర్పడినది ముందు విరిగే పద్ధతిని బ్యాంకు పత్రాల్లో లిఫో అంటారు, మొదట ఏర్పడినది ముందు విరిగితే ఫిఫో. ఇందాకటి వ్యాపారికే పదకొండు నెలల కిందటి 3 లక్షల డిపాజిట్ కూడా ఉందనుకుందాం. లిఫో అయితే అయిదు రోజుల పసి డిపాజిట్ విరిగి 44 రూపాయలతో పోతుంది. ఫిఫో అయితే గడువుకు నెల దూరంలో ఉన్న పాతది విరుగుతుంది. అందులోని 1,30,000కు రేటు ఒక శాతం తగ్గినా, 330 రోజులకు 1,175 రూపాయలు చేజారతాయి. ఫారంలో ఒక గడిలో పెట్టే టిక్కుకు ఇంత తేడా ఉంది. తరచూ డబ్బు తిరిగే ఖాతాకు లిఫోయే మేలు. మీ ఖాతాలో ఏది ఉందో తెలియకపోతే ఈ వారమే బ్యాంకులో అడగండి.

పన్ను సంగతి. డిపాజిట్ సేవింగ్స్ ఖాతాకు అంటుకుని ఉన్నంత మాత్రాన దాని వడ్డీ సేవింగ్స్ వడ్డీ అయిపోదు. పన్ను లెక్కలో అది ఎఫ్‌డీ వడ్డీయే. అరవై ఏళ్ల లోపువారికి ఆదాయపు పన్నులో ఉన్న పదివేల మినహాయింపు సేవింగ్స్ వడ్డీకే వర్తిస్తుంది, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవారికే. కొత్త విధానంలో అదీ లేదు. మా తమ్ముడు పాత విధానంలో, 20 శాతం శ్లాబులో ఉన్నాడు. 18,750 మీద సెస్సుతో కలిపి 3,900 పన్ను పోతే మిగిలేది 14,850. సేవింగ్స్‌లో ఉంటే వచ్చే 7,500 పదివేల లోపే కాబట్టి పన్ను పడదు. అంటే స్వీప్ వల్ల చేతికి నిజంగా అదనంగా వచ్చేది 11,250 కాదు, 7,350. ఇప్పటికీ మంచి మొత్తమే. అయితే రిటర్నులో ఈ వడ్డీని సేవింగ్స్ వరుసలో చూపిస్తే తప్పవుతుంది. ఏడాదిలో ఒక బ్యాంకు నుంచి వచ్చే డిపాజిట్ వడ్డీ 50,000 దాటితే బ్యాంకే పది శాతం టీడీఎస్ కోస్తుంది, అరవై దాటినవారికి ఆ పరిమితి లక్ష. 2025 ఏప్రిల్ నుంచి ఇవే అంకెలు. అరవై దాటి పాత విధానంలో ఉన్నవారికి మాత్రం సేవింగ్స్, డిపాజిట్ వడ్డీలు రెండూ కలిపి 50,000 దాకా మినహాయింపు ఉంది.

రహస్యమన్న మాటకు ఎక్కువ జవాబు అక్కరలేదు. స్టేట్ బ్యాంకు దీన్ని మల్టీ ఆప్షన్ డిపాజిట్ అన్న పేరుతో తన వెబ్‌సైటులోనే పెట్టింది.

మిగిలింది ఆ "ఒక్క మాట". ఇక్కడ నేనే దెబ్బతిన్నాను. కొన్నేళ్ల కిందట ఒక బ్యాంకు యాప్‌లో ఎఫ్‌డీ వేసి, సేవింగ్స్ ఖాతా నుంచి వేశాను కాబట్టి అది స్వీప్ అయినట్టేనని నమ్మాను. ఆ నెల ఇంటి రుణం వాయిదా రోజున సేవింగ్స్‌లో నాలుగు వేలు తక్కువైంది. డిపాజిట్‌లో రెండు లక్షలు ఉన్నాయి. వాయిదా మాత్రం వెనక్కి వెళ్లింది. మా బ్యాంకూ రుసుము వేసింది, రుణం ఇచ్చిన సంస్థా వేసింది. నేను వేసినది మామూలు ఎఫ్‌డీ. దాన్ని ఖాతాకు జోడించే గడిని నేను తాకనే లేదు. డబ్బు పైకి వెళ్లే దారి, కిందికి వచ్చే దారి రెండు వేర్వేరు ఏర్పాట్లు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. పన్ను ఆదా కోసం అయిదేళ్లకు వేసే ఎఫ్‌డీని అయితే ఇలా జోడించడానికే వీల్లేదు, గడువు దాకా దాన్ని కదపలేరు.

అందుకే మా తమ్ముడి చేత ఒక చిన్న పరీక్ష చేయించాను. స్వీప్ పెట్టిన పది రోజులకు, వాయిదాలేవీ లేని ఒక రోజు చూసి, సేవింగ్స్‌లో కనిపిస్తున్న నిల్వ కన్నా వెయ్యి రూపాయలు ఎక్కువ తన భార్య ఖాతాకు పంపమన్నాను. డబ్బు వెళ్లింది. డిపాజిట్ 3,00,000 నుంచి 2,99,000కు తగ్గింది. ఆ తర్వాత గీతను 50,000 నుంచి లక్షకు పెంచమని బ్యాంకులో రాసిచ్చాడు. అతని ఇంటి ఖర్చు, వాయిదాలు కలిపి నెలకు ఎనభై వేల దాకా ఉంటాయి. గీత యాభై వేల దగ్గరే ఉంటే ప్రతి నెలా చివరి పది రోజుల్లో డిపాజిట్ విరుగుతూ ఉండేది.