కాయలు దులిపేస్తే ఆకుకు బలం వస్తుందా?

"కాయ ఎక్కువైతే ఆకులోని సారమంతా పీల్చేస్తుంది, ఆకు ఆహారం తయారు చేయడం మానేస్తుంది, అందుకే పసుపెక్కుతుంది. కాయలన్నీ దులిపేసి చెట్టు మొదట్లో బెల్లం నీళ్లు పోయండి, ఆకుకు బలం వచ్చి వచ్చే కాపు తియ్యగా వస్తుంది."

మా నల్లగొండ బత్తాయి తోటల్లో ఈ మాట నమ్మి చేతికొచ్చే కాపును నేలపాలు చేసినవాళ్లను చూశాను, అందుకే రాస్తున్నా.

ముందు పీల్చడం సంగతి. కాయకు పీల్చే శక్తి లేదు. ఆకులో తయారైన చక్కెర ఈనెల్లో దాన్ని మోసే చాలనీ నాళాల్లోకి ఎక్కుతుంది. అక్కడ రసం చిక్కబడగానే పక్కనున్న, వేరు నీళ్లను పైకి మోసే దారువు నుంచి నీళ్లు లోపలికి చేరతాయి, ఎండుద్రాక్షను నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది చూడండి, అలాగే. నాళం గోడ సాగదు కాబట్టి లోపల ఒత్తిడి పెరుగుతుంది, దాదాపు 10 వాతావరణాల దాకా, అంటే కారు టైరులో ఉండే ఒత్తిడికి నాలుగైదు రెట్లు. కాయ దగ్గర చక్కెర దిగిపోతుంది, దాని వెనకే నీళ్లూ బయటికి పోతాయి, అక్కడ ఒత్తిడి పడిపోతుంది. ఈ తేడాతోనే రసం గంటకు అర మీటరు నుంచి మీటరు దాకా నడుస్తుంది. 1930లో జర్మనీ శాస్త్రవేత్త ఎర్నస్ట్ మ్యూంక్ వివరించింది ఇదే. మన డ్రిప్పు లెక్కన చెప్పాలంటే ఆకు మోటారు, కాయ తెరిచిన వాల్వు. నెట్టుడే అనడానికి రుజువు కావాలా? పేనుబంక పురుగు మూతి ఆ నాళంలో దిగి ఉన్నప్పుడు దాని ఒళ్లు కోసేస్తే, తెగిన మూతిలోంచి రసం గంటల తరబడి దానంతటదే ఊరుతూ ఉంటుంది. పీల్చేవాళ్లు ఎవరూ లేకుండానే.

ఇక ఆకు పని మానేస్తుందనే మాట. అసలు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. వాల్వులన్నీ కట్టేస్తే చక్కెర ఆకులోనే ఆగిపోయి పిండిపదార్థంగా పేరుకుంటుంది, చక్కెర నిండిన కణం కిరణజన్య సంయోగక్రియకు కావలసిన ఎంజైముల తయారీని తగ్గించుకుంటుంది, చాలాసార్లు పత్రరంధ్రాలు కూడా ముడుచుకుంటాయి. కాయ నిండుగా ఉన్న చెట్టులో ఆకు ఎప్పటికప్పుడు ఖాళీ అవుతుంది కాబట్టి, నీళ్లూ ఎండా నత్రజనీ సరిపడా ఉన్నంతవరకు, ఎక్కువే పనిచేస్తుంది.

నేను చేసి చూశాను. ఒకే చెట్టుకు బొటనవేలంత లావున్న రెండు కొమ్మలు తీసుకుని, రెండింటికీ మొదట్లో సెంటీమీటరు వెడల్పున చుట్టూ బెరడు ఒలిచాను. ఒకదానికి ఆరు కాయలు ఉంచి, రెండోదానివి అన్నీ కోసేశాను. బెరడు ఎందుకు ఒలవాలంటే, చక్కెర మోసే నాళాలు అందులోనే ఉంటాయి, ఒలవకపోతే కాయల్లేని కొమ్మ చక్కెర పక్క కొమ్మల కాయలకో వేర్లకో పోతుంది, తేడా ఏమీ కనపడదు. రెండు వారాలయ్యాక తెల్లవారకముందే ఒకే వయసున్న ఆకు ఒక్కొక్కటి కోశాను, ఎందుకంటే బాగా ఖాళీ అయ్యే ఆకులో రాత్రంతా పిండి కరిగి పోయి ఉండాలి. వేడినీళ్ల గిన్నెలో పెట్టిన స్పిరిట్‌లో (మంట దగ్గరికి రానివ్వకండి) ఆకుపచ్చ అంతా పోయేదాకా ఉంచాను, మందం ఆకు కాబట్టి చాలాసేపు పట్టింది. తర్వాత పిండి ఉన్నచోట నల్లటి నీలంగా మారే అయోడిన్ చుక్కలు వేశాను. కాయలున్న కొమ్మ ఆకు లేత గోధుమరంగులోనే ఉంది, అక్కడక్కడ మాత్రం మరకలు. కాయల్లేని కొమ్మ ఆకు నల్లటి నీలం. దాని పక్కనున్న ఆకును మడిస్తే అప్పడంలా పెళుక్కున విరిగింది.

మరి పసుపు? అది అబద్ధం కాదు, కారణమే వేరు. కాపు మరీ మించితే చక్కెర ఎక్కువ భాగం కాయలకే పోతుంది, వేర్లకు మిగిలేది తక్కువ. ఆకలితో ఉన్న వేరు నత్రజనిని సరిగ్గా అందించలేదు, కాయలేమో పెరుగుతూనే ఉంటాయి, దాంతో ముదురాకుల్లోని నత్రజని తరలిపోతుంది. అప్పుడు ఆకు పని నిజంగానే తగ్గుతుంది, మరుసటి ఏడాది పూత కూడా పలచబడుతుంది. అందుకే గుత్తిలో చిన్నవీ వంకరవీ తీసి పలచన చేయడం మంచిదే, అన్నీ దులపడం మాత్రం తప్పు.

బెల్లం నీళ్ల గురించి రెండు ముక్కలు చాలు. నేలలో పోసిన చక్కెరను సూక్ష్మజీవులు తినేస్తాయి, వేరు తీసుకునేది నామమాత్రం. కాయ తీపి ఆకు నుంచే వస్తుంది.

పసుపు కనిపిస్తే ముందు ఏ ఆకుల్లో మొదలైందో చూడండి. ముదురాకుల్లో అయితే నత్రజని, లేతాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే జింకో ఇనుమో తక్కువ. తర్వాత చెట్టు నీడ అంచున జానెడు తవ్వి సన్న వేరు తీసి వేళ్ల మధ్య లాగండి. పైతొక్క ఊడి లోపలి దారం మిగిలిందంటే అది కుళ్లు, దానికి కాయలతో సంబంధం లేదు.