నాలుగుతో భాగిస్తే మిగిలే శేషం
"క్షయ శ్రేణులు నాలుగే ఎందుకు? ఐదోది ఎందుకు లేదు? నెప్ట్యూనియం శ్రేణి ఎటు పోయింది?"

రేడియోధార్మిక మూలకం కణాలను వదులుతూ మెట్టు మెట్టుగా వేరే మూలకాలుగా మారే వరుసే క్షయ శ్రేణి. ఆల్ఫా కణం బయటికొస్తే ద్రవ్యరాశి సంఖ్య 4 తగ్గుతుంది. బీటా వల్ల అసలు మారదు. అంటే ఎన్ని మెట్లు దిగినా, ఆ సంఖ్యను 4తో భాగిస్తే వచ్చే శేషం మారదు. శేషాలు 0, 1, 2, 3 మాత్రమే కదా, ఐదో ఇంటికి చోటెక్కడిది?

నెప్ట్యూనియం-237 శేషం 1. ఏడు ఆల్ఫాలు పోతే 28 తగ్గి 209, అంటే బిస్మత్. దాని శేషమూ 1 (లెక్క వేసి చూసుకోండి).

ఇక నెప్ట్యూనియం శ్రేణి ప్రకృతిలోంచి మాయమైన సంగతి. నెప్ట్యూనియం-237 అర్ధాయువు సుమారు 21 లక్షల ఏళ్లు, భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. అంటే రెండు వేలసార్లకు పైగా సగానికి సగం తగ్గింది. భూమి మొత్తం నెప్ట్యూనియమే అయి ఉన్నా, రెండు వందల సార్లు సగమయ్యేలోపే చివరి పరమాణువు కూడా పోయేది! యురేనియం-235 అర్ధాయువు 70 కోట్ల ఏళ్లు. అది ఆరేడు సార్లే సగమైంది, కాబట్టి సుమారు ఒక శాతం మిగిలింది.

"పూర్తిగా లేదు" అనడం మాత్రం కొంచెం తొందరపాటే. యురేనియం ఖనిజంలో న్యూట్రాన్ల వల్ల నెప్ట్యూనియం-237 లేశమాత్రంగా ఇప్పటికీ పుడుతోంది. అది పాత నిల్వ కాదు, కొత్త సరుకు.