304 రూపాయలు పడే చొక్కాని 270కి కుట్టమన్నాను, ఎందుకంటే

ఆర్డర్లు లేక సగం మిషన్లు ఖాళీగా ఉన్న యూనిట్‌కి బయటి నుంచి ఒక ఆర్డర్ వస్తే, కాస్ట్ షీట్‌లో చివరి గడి చూసి "గిట్టదు" అని తిప్పి పంపేయడం చూస్తే నాకు కడుపు మండుతుంది. చిన్న యూనిట్ల పద్దులు చూడటమే నా పని. ఇది ఏడాదికి నాలుగైదు సార్లు చూస్తాను. ఈసారి మా మేనమామ యూనిట్‌లోనే జరిగింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మామయ్యది స్కూల్ యూనిఫాం చొక్కాలు కుట్టే యూనిట్. నెలకి 6,000 చొక్కాలు కుట్టగలరు. బడులు తెరిచిన హడావుడి అయిపోయాక, సెప్టెంబరుకి ఆర్డర్లు 4,500కి పడిపోయాయి. అప్పుడు ఒక సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్ళు వచ్చి గార్డుల చొక్కాలు 1,500 కావాలన్నారు. నెలలో ఇవ్వాలి, జీఎస్టీ కాకుండా చొక్కాకి 270 ఇస్తామన్నారు. మామయ్య స్కూల్ చొక్కా అమ్మేది 340కి. షీట్‌లో దాని ఖర్చు 304. "చొక్కాకి 34 చొప్పున 51 వేలు నా చేత్తో పారబోయమంటావా?" అన్నాడు.

ఆ 304 ఎలా వచ్చిందో ఒకసారి విప్పి చూడండి. బట్ట 140, దారం బొత్తాలు 18, కుట్టు కూలి 62, ప్యాకింగ్ 8, కరెంటు 4, ఏజెంటు కమీషన్ 12. ఇవన్నీ కలిపితే 244. చొక్కా కుడితేనే ఈ డబ్బు బయటికి పోతుంది, కుట్టకపోతే పోదు. మిగతా 60 అలాంటిది కాదు. షెడ్డు అద్దె, కటింగ్ మాస్టర్ జీతం, సూపర్‌వైజర్ జీతం, కాజా మిషన్ ఆపరేటర్ జీతం, మిషన్ల మీద లోను కిస్తీ అన్నీ కలిపి నెలకి 2,70,000. దాన్ని 4,500 చొక్కాలకి పంచితే వచ్చిన ముక్క అది. సెక్యూరిటీ వాళ్ళ ఆర్డర్ ఒప్పుకున్నా మానుకున్నా షెడ్డు ఓనరు అద్దె వసూలు చేసుకునే పోతాడు, ఒకటో తారీఖున జీతాలు ఇవ్వాల్సిందే. అలాంటి డబ్బుని ఈ 1,500 చొక్కాల నెత్తిన వేసి "నష్టం" అనడం ఏం న్యాయం?

ఇంకో ఘోరం ఉంది. ఆర్డర్లు 3,000కి పడిపోతే అదే 2,70,000 చొక్కాకి 90 అవుతుంది, షీట్‌లో ఖర్చు 334 అని వస్తుంది. అంటే పని తగ్గేకొద్దీ ఆ కాగితం ఖర్చు పెంచి చూపిస్తుంది, వచ్చిన ఆర్డర్ కూడా వద్దనిపిస్తుంది. పని అత్యవసరమైన రోజునే పని వద్దని చెప్పే కాగితాన్ని పట్టుకుని మనవాళ్ళు నిర్ణయాలు తీసుకుంటున్నారు!

అందుకే స్కూల్ చొక్కా షీట్ పక్కన పెట్టి, గార్డు చొక్కాకి కొత్తగా పుట్టే ఖర్చు మాత్రమే రాశాం. బట్ట 132, దారం బొత్తాలు 22, జేబు మూతలు, భుజం పట్టీలు ఉంటాయి కాబట్టి పీసు కూలి 70, ప్యాకింగ్ 4, కరెంటు 4, జేబు మీద బొమ్మకి ఎంబ్రాయిడరీ 9. మొత్తం 241. నేరుగా వచ్చిన ఆర్డర్ కాబట్టి కమీషన్ లేదు. 270లో 241 పోతే చొక్కాకి 29, అంటే 1,500కి 43,500. బొమ్మ డిజైన్‌కి, రవాణాకి కలిపి 4,500 తీసేస్తే 39,000 మిగులుతుంది. ఈ ఆర్డర్ రాకపోతే ఆ నెల ఖాళీ మిషన్ల మీద మిగిలేది సున్నా. గార్డుల చొక్కా రేటు తెలిసి స్కూళ్ళవాళ్ళు బేరానికి దిగుతారన్న భయం కూడా లేదు, వాళ్ళూ వీళ్ళూ ఒకచోట కలిసేవాళ్ళు కాదు. మామయ్య ఒప్పుకున్నాడు.

ఇక్కడితో ఆపితే ఈ పోస్ట్ రాయాల్సిన పనే లేదు. ఎందుకంటే అసలు తప్పు ఈసారి నేను చేశాను.

శాంపిల్ చొక్కా వచ్చింది. కాజా మిషన్ మీద కూర్చునే అక్క దాన్ని ఒళ్ళో పరుచుకుని, ముందు పట్టీ నుంచి మొదలుపెట్టి వేలితో లెక్కపెట్టింది. ముందువైపు, చేతులకి కలిపి ఏడు. రెండు జేబు మూతలకి రెండు. భుజం పట్టీలకి రెండు. "దీనికి పదకొండు కాజాలున్నాయి సార్, మన స్కూల్ చొక్కాకి ఏడే" అంది. నాకు గుండె జారిపోయింది.

నెలకి 6,000 చొక్కాలు అనే లెక్క కుట్టు మిషన్ల వల్ల వచ్చింది కాదు. అవి అంతకంటే ఎక్కువే కుడతాయి. ఉన్నది ఒక్కటే కాజా మిషన్, అది రోజుకి 240 చొక్కాలకి ఏడేసి కాజాలు తీయగలదు, 25 రోజులకి 6,000. నేను ఖాళీని చొక్కాల్లో కొలిచాను, కొలవాల్సింది కాజాల్లో. 1,500 స్కూల్ చొక్కాల ఖాళీ అంటే 10,500 కాజాలు. 1,500 గార్డు చొక్కాలకి కావాల్సినవి 16,500. ఆరు వేల కాజాలు తక్కువ.

ఆ ఆరు వేల కోసం స్కూల్ చొక్కాలు ఆపితే 857 చొక్కాలు ఆగిపోతాయి. ఒక్కోదాని మీద 340లో 244 పోను 96 చొప్పున, దాదాపు 82 వేలు చేజారుతుంది. 39 వేల కోసం 82 వేలు వదులుకోవడం! పైగా ఈ 82 వేలు ఏ బిల్లులోనూ కనపడవు, ఏ పుస్తకంలోనూ ఎక్కవు. నెలాఖరుకి "ఆర్డర్ చేశాం కదా, డబ్బు ఎందుకు మిగల్లేదు?" అని తల పట్టుకోవడమే. కొత్త ఆర్డర్ దేన్ని పక్కకి నెడుతోందో, దాని మీద మిగిలేది కూడా ఈ ఆర్డర్ ఖర్చే. 304 చూసి వద్దన్న మామయ్య లెక్క ఎంత తప్పో, 39,000 చూసి సై అన్న నా లెక్కా అంతే తప్పు.

దారి మాత్రం దొరికింది. బజార్లో కాజాలు తీసే జాబ్‌వర్క్ షాపు ఒకటి ఉంది, కాజాకి 2 రూపాయలు అడిగాడు. ఆరు వేలకి 12,000. అంటే స్కూల్ చొక్కా ఒక్కటి కూడా ఆగకుండా 27,000 మిగిలింది. మామయ్య ఇంకో మాట కూడా అడిగి చూశాడు. సగం అక్టోబరులో ఇస్తామంటే ఒప్పుకుంటారా అని. ఒప్పుకుని ఉంటే ఆ 12,000 కూడా మిగిలేది, అక్టోబరులోనూ మిషన్ ఖాళీయే. వాళ్ళకి డ్యూటీ మొదలయ్యే తేదీ ఉంది, కుదరలేదు. ఐదు రూపాయల కోసం గంటసేపు బేరమాడతాం గానీ గడువు గురించి అడగాలని మాత్రం చాలామందికి తోచదు.

మొన్న ఆ ఏజెన్సీ వాళ్ళే ఫోన్ చేశారు. వచ్చే మే నెలలో అవే చొక్కాలు, అదే 270కి కావాలట. మే అంటే స్కూల్ సీజన్, కాజా మిషన్‌కి ఊపిరి ఆడదు, బయట షాపువాడు కూడా దొరకడు. స్కూల్ చొక్కా మీద మిగిలే 96ని ఏడు కాజాలకి పంచితే, కాజాకి 13 రూపాయల 70 పైసలు. పదకొండింటికి 151. 241కి అది కలిపితే 392. ఆ నెలలో అంతకంటే పైసా తగ్గినా నష్టమే. సెప్టెంబరులో 270కి ఇచ్చిన చొక్కానే మేలో 400 చెప్పమన్నాను. మామయ్య ఈసారి షీట్ తీయలేదు, నేరుగా అక్క దగ్గరికి వెళ్ళి ఆ నెల మిషన్ మీద ఎన్ని కాజాలు ఉన్నాయో అడిగి వచ్చి ఫోన్ చేశాడు.