గుంపుకి మెయిల్ రాస్తూ ‘రెస్పెక్టెడ్ సర్’ ఏమిటండీ?

“ఆఫీసు మెయిల్‌లో డియర్ ఆల్ అని రాయకండి, డియర్ స్నేహితులకే. హలో టీమ్ అంటే పెద్దలకు అగౌరవం. ఎంతమందికి రాసినా రెస్పెక్టెడ్ సర్ అంటే చాలు, ఎవరూ తప్పు పట్టరు. తర్వాత కామా తప్పనిసరి. పదిమందికీ పంపండి.”

ఈ వారం ఇది నాకు పంపని గ్రూప్ లేదు. పంపినవాళ్లంతా చదువుకున్నవాళ్లే, అదే బాధ.

కామా పెట్టండి, మరచిపోయినా కొంప మునగదు. ‘డియర్’ మాటకొస్తే, ప్రభుత్వ అధికారులు ఒకరికొకరు రాసుకునే డీఓ లేఖలు మొదలయ్యేదే దానితో. వాళ్లకు లేని మొహమాటం మనకెందుకు?

నన్ను మండించింది “ఎవరూ తప్పు పట్టరు” అన్న మాట. విశాఖ పోర్టులో దిగిన కంటైనర్లను క్లియర్ చేయించే పనిలో ఉన్నాను. ఒక కంటైనర్ విషయంలో మా కుర్రాడు షిప్పింగ్ లైన్‌కి, లారీల వాళ్లకి, సరుకు తెప్పించుకున్న కంపెనీకి కలిపి ఒకే మెయిల్ కొట్టాడు. “రెస్పెక్టెడ్ సర్, డెలివరీ ఆర్డర్ త్వరగా పంపగలరు.” అది ఇవ్వాల్సింది షిప్పింగ్ లైన్ డెస్క్‌లో ఉన్న మేడమ్. ‘సర్’ అని ఉంటే ఆవిడ తనకు కాదనుకున్నారు. లారీ ఆయన అది తన పని కాదనుకున్నాడు, కంపెనీ ఆయన ఎవరో చూసుకుంటారులే అనుకున్నాడు. సాయంత్రానికి ఒక్క జవాబూ లేదు. డెలివరీ ఆర్డర్ లేనిదే కంటైనర్ గేటు దాటదు. మర్నాటితో కంటైనర్‌ను ఛార్జీ లేకుండా ఉంచుకునే ఫ్రీ డేస్ అయిపోయి, ఆలస్యానికి షిప్పింగ్ లైన్ వేసే డిటెన్షన్ ఛార్జీ మొదలైంది.

ఆ ఛార్జీ ఎవరు కట్టాలి, ఫార్వర్డ్ పంపినవాళ్లా? ఆడవాళ్లున్న గుంపుని ‘సర్’ అనడం ఏ గౌరవం?

నిజానికి అక్కడ ‘డియర్ ఆల్’ అన్నా సగం పనే అయ్యేది. అందరినీ పిలిస్తే ఎవరూ పలకరు. పలకరింపు కింద మొదటి వాక్యంలోనే ఆ మేడమ్ పేరు, గారు చేర్చి, “డెలివరీ ఆర్డర్ ఈ రోజు 4 గంటల్లోపు కావాలి” అని రాయాలి. ‘టు’లో ఆవిడ ఒక్కరే ఉండాలి, ఊరికే తెలియాల్సినవాళ్లు ‘సీసీ’లోకి వెళ్లాలి. మేం ఇప్పుడు అలాగే రాస్తున్నాం.

‘హలో టీమ్’ మీద మాత్రం ఆ మెసేజ్‌తో ఏకీభవిస్తున్నాను. మనతో కలిసి పనిచేసేవాళ్లకైతే అది బాగుంటుంది. బయటి కంపెనీవాళ్లకో, మనకు పైనున్నవాళ్లకో రాస్తే వాళ్లు మన కిందివాళ్లన్నట్టు వినిపిస్తుంది. అలాగే ఒక్క ప్రిన్సిపాల్ గారికి సెలవు చీటీ రాసే విద్యార్థి ‘రెస్పెక్టెడ్ సర్’ అనడంలో తప్పేమీ లేదు. అక్కడ చదివేది ఒక్కరే, ఆయన ఎవరో తెలుసు.

గ్రూప్ ఐడీకి పంపేటప్పుడు లోపల ఎవరున్నారో కనబడదు. అవుట్‌లుక్‌లో ఆ పేరు పక్కనున్న + నొక్కితే జాబితా విడిపోతుంది. అలా చూసే వీల్లేకపోతే ‘డియర్ సర్/మేడమ్’ అని రాయండి.